పాపటలో తెల్ల వెంట్రుకలు, ముందర తమ్ముడి పెళ్లి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఖమ్మం జిల్లాలో టీచర్‌గా పనిచేస్తున్నాను. ఏడాదిగా పాపట దగ్గర, రెండు కణతల దగ్గర తెల్ల వెంట్రుకలు కనిపిస్తున్నాయి. ఓపిగ్గా లెక్కపెడితే యాభై దాకా తేలాయి. మొదట్లో పీకేసేదాన్ని. రెండు నెలల కిందట షాపులో దొరికే షాంపూలాంటి నల్లరంగు సాచెట్ తెచ్చి తలంతా పట్టించాను. జుట్టు మొత్తం సిరా పోసినట్టు అయింది. నుదుటి మీద మరక నాలుగు రోజులు పోలేదు. విగ్గు పెట్టుకున్నట్టుందని మా ఆయన నవ్వారు. మర్నాడు సాయంత్రం నుంచి చెవుల వెనక దురద, చిన్న చిన్న పొక్కులు వచ్చాయి. నాలుగు రోజుల్లో వాటంతటవే తగ్గాయి. ఇప్పుడు కుదుళ్ల దగ్గర మళ్లీ తెల్లగా కనిపిస్తోంది. ఆరు వారాల్లో మా తమ్ముడి పెళ్లి. ఆడపడుచుని కాబట్టి ప్రతి ఫొటోలోనూ ఉంటాను. గోరింటాకు పెట్టుకుంటే చాలని మా అత్తయ్య అంటారు. అమ్మోనియా లేని రంగు కొనుక్కోమని తోటి టీచర్ చెబుతోంది. రంగు వేసినట్టు తెలియకుండా, ఉన్న జుట్టులో కలిసిపోయేలా వేసుకునే దారి ఉందా? ఇదంతా నాకు కొత్త. మొదటి నుంచి చెప్పండి.
— ఒక పాఠకురాలు

జవాబు: మీరు అడిగింది షేడ్ గురించి. నా కన్ను మాత్రం చెవుల వెనక పొక్కుల దగ్గర ఆగిపోయింది. ముందు దాని సంగతి తేల్చుకుందాం. ఆ తర్వాత మీరు ఏ రంగు కొనాలో, అసలు కొనాలో వద్దో దాన్ని బట్టే ఉంటుంది.

రంగు పడక వచ్చే దురద రెండు రకాలు. ఒకటి ఘాటు వల్ల వచ్చే మంట. రంగు తల మీద ఉండగానే చురచురమంటుంది, కడిగేశాక కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. రెండోది అలర్జీ. ఇది రంగు వేసిన రోజు ఊరుకుంటుంది. మర్నాడో, ఆ మర్నాడో మొదలై రోజుల తరబడి ఉంటుంది. తల మధ్యలో కంటే చెవుల వెనక, మెడ మీద, నుదుటి అంచున, కనురెప్పల మీద ఎక్కువగా కనిపిస్తుంది. మీకు మర్నాడు సాయంత్రం మొదలైంది, చెవుల వెనక వచ్చింది, నాలుగు రోజులు ఉంది. ఇది అలర్జీయేనని ఉత్తరం చదివి చెప్పేయలేను గానీ, అనుమానించడానికి ఇంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

నల్లరంగుల్లో ఈ అలర్జీ తెచ్చే ముఖ్యమైన పదార్థం పేరు పారా ఫినిలీన్ డయమిన్. పార్లర్లలో పీపీడీ అంటాం. సాచెట్‌లో ఉండే పొడి రంగుల్లో, షాంపూ రంగుల్లో, డబ్బాలో వచ్చే క్రీమ్ రంగుల్లో చాలావాటిలో ఇదో, దీని చుట్టమో ఉంటుంది. ఒంటికి ఇది ఒకసారి పడకపోతే తర్వాతెప్పుడూ పడదు. పైగా రెండోసారి మొదటిసారి కంటే గట్టిగా రావచ్చు. పార్లర్ పెట్టిన కొత్తలో నేనే ఒక పొరపాటు చేశాను. రెగ్యులర్‌గా వచ్చే ఒకావిడ, "పోయినసారి కాస్త దురద పెట్టిందమ్మా" అంటే, సరిగ్గా కడుక్కుని ఉండరనుకుని మళ్లీ అదే రంగు వేశాను. మర్నాడు పొద్దున ఆవిడ రెండు కళ్లూ వాచి తెరుచుకోలేదు. వాళ్లబ్బాయి బండి మీద ఆస్పత్రికి తీసుకెళ్లాడు. అప్పటి నుంచి "కాస్త దురద" అనే మాట వింటే నేను బ్రష్ కింద పెట్టేస్తాను.

అమ్మోనియా లేని రంగు అన్న మీ స్నేహితురాలి సలహా ఇక్కడ పనికిరాదు. అమ్మోనియా చేసే పని వెంట్రుక పైపొరను తెరిచి రంగును లోపలికి పంపడం. ఘాటు వాసన దానిదే. అలర్జీ మాత్రం ఎక్కువగా రంగు పదార్థం వల్ల వస్తుంది. డబ్బా మీద అమ్మోనియా లేదని పెద్ద అక్షరాల్లో ఉండి, వెనక చిన్న అక్షరాల్లో పీపీడీ ఉండటం మామూలే. పీపీడీ లేదని రాసిన కొన్నింటిలో టోలుయిన్ డయమిన్ అనే మరొకటి ఉంటుంది. పీపీడీ పడనివాళ్లలో చాలామందికి అదీ పడదు.

అందుకని ఈ వారమే చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లి ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి. వీపు మీద చిన్న చిన్న పట్టీల్లో అలర్జీ తెచ్చే పదార్థాలు కొద్దికొద్దిగా పెట్టి అంటిస్తారు. 48 గంటలకు తీసి చూస్తారు, మరో రెండు రోజులకు మళ్లీ చూస్తారు. అంటే వారంలో మూడుసార్లు వెళ్లాలి, అన్నాళ్లూ వీపు తడవకూడదు. స్కూలుకి సెలవు చూసుకుని పెట్టుకోండి. స్టెరాయిడ్ మాత్రలు గానీ, వీపు మీద ఆయింట్‌మెంట్లు గానీ వాడుతుంటే ముందే చెప్పండి. అవి ఉంటే అలర్జీ ఉన్నా పరీక్షలో తేలకపోవచ్చు. ఇంట్లో మోచేతి మడతలో చుక్క పెట్టుకుని చూసే పరీక్ష ఏ తేడా రానివాళ్లకి. మీకు ఒకసారి వచ్చింది కాబట్టి మీరు డాక్టరు దగ్గరే చేయించుకోవాలి.

పరీక్షలో ఏమీ లేదని తేలితే మీ ముందు ఒక దారి ఉంటుంది. పడదని తేలితే ఇంకో దారి. రెండూ చెబుతాను. ఏ దారైనా ముందు షేడ్ సంగతి అర్థం కావాలి. సాచెట్ రంగుతో మీకు వచ్చిన ఇబ్బంది అక్కడే ఉంది.

మన జుట్టు నల్లన అనుకుంటాం. ఒకసారి పగటిపూట కిటికీ దగ్గర నిలబడి, చెవి పక్కన రంగు పడని పాయ ఒకటి తీసి తెల్ల కాగితం మీద పరిచి చూడండి. చాలామందికి అది ముదురు బ్రౌన్‌లా కనిపిస్తుంది. ఎండ తగిలిన అంచులు ఇంకా లేతగా ఉంటాయి. కుదుళ్ల దగ్గర ఒక ఛాయ, చివర్లలో ఒక ఛాయ, మధ్యలో మరొకటి. ఇన్ని ఛాయలు కలిస్తేనే దూరం నుంచి నల్లగా, ప్రాణం ఉన్నట్టు కనిపిస్తుంది. సాచెట్‌లో ఉన్నది ఒకే ఒక్క నలుపు. దాన్ని మీరు తలంతా పట్టించారు. యాభై తెల్ల వెంట్రుకల కోసం వేల నల్ల వెంట్రుకల మీద కూడా ఆ నలుపు ఎక్కింది. ఛాయలన్నీ పోయి మొత్తం ఒకటే ముద్దయింది. మీవారు విగ్గు అన్నది అందుకే.

రంగు డబ్బా మీద ఒక అంకె ఉంటుంది. కంపెనీకీ కంపెనీకీ కాస్త తేడా ఉన్నా లెక్క దాదాపు ఒకటే. 1 అంటే నలుపు. 3 అంటే ముదురు బ్రౌన్. 4 బ్రౌన్. 5 లేత బ్రౌన్. అంకె పెరిగేకొద్దీ రంగు తేలికవుతుంది. మనవాళ్లలో చాలామంది జుట్టు సహజంగా 1కీ 3కీ మధ్య ఉంటుంది. తెల్ల వెంట్రుకలు అక్కడక్కడ మొదలైనవాళ్లకి నేను వేసేది 3. మీ కిటికీ పరీక్షలో పాయ బాగా బ్రౌన్‌గా కనిపిస్తే 4 కూడా సరిపోతుంది. 1 మాత్రం ముట్టుకోను. 1 పక్కన చుక్క పెట్టి మళ్లీ 1 ఉంటే అది నీలం కొట్టే నలుపు, దాన్ని అసలే వద్దంటాను.

చుక్క తర్వాత అంకె రంగులోని మెరుపును చెబుతుంది. సున్నా ఉంటే, లేదా చుక్కే లేకపోతే మామూలు బ్రౌన్. 3 ఉంటే బంగారు ఛాయ, 4 ఉంటే సాధారణంగా రాగి ఛాయ. డబ్బా మీద అమ్మాయి బొమ్మ ఎంత అందంగా ఉన్నా ఆ రెండూ తీసుకోకండి. నల్ల వెంట్రుక మీద అవి పెద్దగా కనిపించవు. తెల్ల వెంట్రుక తెల్ల చీరలాంటిది, వేసిన రంగు వేసినట్టే చూపిస్తుంది. యాభై నారింజ తీగలు మెరుస్తాయి.

లేత వైపు తప్పు చేస్తే దిద్దుకోవచ్చు, ముదురు వైపు చేస్తే కష్టం. ఇదే ఈ పనిలో నాకు తెలిసిన పెద్ద కిటుకు. 4 వేసి చాలకపోతే వచ్చేసారి 3 వేయొచ్చు. 1 వేశాక దాని మీద 4 వేసినా ఏమీ జరగదు, ఎందుకంటే రంగు మీద వేసిన రంగు పాతదాన్ని తేలికపరచలేదు. మీ జుట్టులో సిరా పోసినట్టున్న భాగం ఇప్పుడు కుదుళ్ల నుంచి రెండు సెంటీమీటర్లు కిందికి జరిగి ఉంటుంది. జుట్టు నెలకు ఒక సెంటీమీటరు, కాస్త అటూఇటూ పెరుగుతుంది. ఆ నలుపుని తీయించడానికి పార్లర్‌కి వెళ్లి బ్లీచ్ చేయించుకోకండి. రాగి రంగుకి తిరిగి, పీచులా అవుతుంది. జడ వేస్తే ఆ తేడా ఎవరికీ తెలియదు. చివర్లు కత్తిరించుకుంటూ పెరగనిచ్చేయండి.

ఇక మొదటి దారి. పరీక్షలో ఏమీ రాలేదనుకుందాం.

రంగుల్లో మీకు సరిపడేది కొన్ని వారాల్లో మెల్లగా వెలిసిపోయే రకం. పార్లర్ భాషలో డెమీ పర్మనెంట్. డబ్బా మీద ఆ మాట లేకపోవచ్చు. "20 సార్లు తలంటుకునే దాకా ఉంటుంది", "28 సార్లు" అని రాసి ఉంటే ఆ రకమే. పర్మనెంట్ రంగు తెల్ల వెంట్రుకను పూర్తిగా కప్పేస్తుంది, అయితే కుదురు పెరగగానే కత్తితో గీసినట్టు గీత కనిపిస్తుంది. దాన్ని మొదలుపెట్టినవాళ్లు నాలుగైదు వారాలకోసారి వేసుకుంటూనే ఉండాలి. డెమీ అంత గట్టిగా కప్పదు. తెల్ల వెంట్రుక చుట్టూ ఉన్నవాటికంటే ఒక మెట్టు లేతగా మిగులుతుంది. యాభై వెంట్రుకలకు అదే లాభం, సహజంగా ఎండకి తేలిక పడ్డ వెంట్రుకల్లా కలిసిపోతాయి. రంగు కొద్దికొద్దిగా పోతుంది కాబట్టి గీత అంత కొట్టొచ్చినట్టు ఉండదు. మీకు నచ్చకపోతే మానేసినా చిక్కేమీ లేదు. సగం తల తెల్లబడ్డవాళ్లకి ఇది చాలదు, అప్పుడు పర్మనెంటే వేయాలి. మీరు ఇంకా అక్కడికి రాలేదు.

డాక్టరు పరీక్ష బాగానే ఉన్నా, కొన్న డబ్బాలోని రంగుతో ఇంట్లో మరోసారి చూసుకోండి. డాక్టరు పెట్టిన పట్టీల్లో ఆ డబ్బాలోని ప్రతి పదార్థమూ ఉండదు. డబ్బాలో ఉండే కాగితంలో చెప్పినట్టు కొంచెం కలిపి చెవి వెనక రూపాయి బిళ్లంత రాసి 48 గంటలు గమనించండి. దురద గానీ ఎర్రదనం గానీ వస్తే ఆ డబ్బా మూసేయడమే. ఇది ప్రతిసారీ చేయాలి. ఏళ్లుగా పడిన రంగు కూడా ఒకరోజు పడకుండా పోవచ్చు.

తర్వాత ఒక కణత మీద ఐదారు తెల్ల వెంట్రుకలకు మాత్రమే వేసి చూడండి, పెళ్లికి మూడు వారాల ముందు. రెండు రోజులు పోయాక పగటి వెలుగులో చూస్తే షేడ్ సంగతి తెలిసిపోతుంది. ట్యూబ్‌లైట్ కింద చూసి నిర్ణయించుకోకండి, అది మోసం చేస్తుంది.

షేడ్ కుదిరితే అసలు రంగు పెళ్లికి ఏడెనిమిది రోజుల ముందు వేసుకోండి. అప్పటికి చర్మం మీది మరకలు పోతాయి, రంగు కాస్త సద్దుకుంటుంది, కుదుళ్లు రెండు మూడు మిల్లీమీటర్లకు మించి పెరగవు. వేసే ముందురోజు తలంటుకోండి. కొబ్బరినూనె పట్టించిన తల మీద రంగు సమానంగా ఎక్కదు. కండిషనర్ కూడా వద్దు. రంగు వేసే రోజు మాత్రం మళ్లీ తలంటుకోకండి, చర్మం మీద పల్చగా ఉండే సొంత జిడ్డు మంట పుట్టకుండా కాపాడుతుంది. నుదుటి అంచున, చెవుల మీద, మెడ మీద వాజలీన్ దట్టంగా రాయండి. పోయినసారి నాలుగు రోజులు మరక మోసింది ఇది లేకనే. డబ్బాలో గ్లవ్స్ ఉంటాయి, వేసుకోండి. కలపడానికి ప్లాస్టిక్ గిన్నె గానీ గాజు గిన్నె గానీ తీసుకోవాలి, స్టీలు గిన్నె వద్దు.

యాభై వెంట్రుకలకు డబ్బా అంతా అక్కర్లేదు. టేబుల్ స్పూనుడు క్రీమ్ చాలు, రంగు తేలడానికి దానితో కలిపే డెవలపర్ ఎంత వేయాలో కాగితం మీద ఉంటుంది. ఒకటికి ఒకటి అని ఉంటే ఒకటికి ఒకటే, ఒకటికి ఒకటిన్నర అంటే అంతే. కంటి అంచనాతో కలిపితే రంగు ఎక్కడమైనా మానేస్తుంది, చర్మం మీద మంటైనా పుడుతుంది. కలిపింది మిగిలితే పారబోయాలి. సీసాలో పోసి మూత బిగించారంటే లోపల గాలి పొంగి సీసా పగలొచ్చు. కలపని ట్యూబులు మూత పెట్టి దాచుకోవచ్చు.

వేయడానికి పాత టూత్‌బ్రష్ బాగుంటుంది. దువ్వెన తోకతో పాపట తీసి, తెల్ల వెంట్రుకలున్న చోట కుదుళ్ల నుంచి తెల్లదనం ఉన్నంతమేరే రాయండి. పక్కనున్న నల్ల వెంట్రుకలకు కొంచెం తగిలినా పరవాలేదు, వాటిని వెతుక్కుంటూ వెళ్లి పులమకండి. కణతల నుంచి మొదలుపెట్టండి. అక్కడి తెల్ల వెంట్రుకలు గాజు తీగల్లా నున్నగా, బిరుసుగా ఉండి రంగును తొందరగా పట్టుకోవు, కాబట్టి వాటికి ఎక్కువ సమయం దొరకాలి. పాపట చివర్లో. కాగితంలో ఇరవై నిమిషాలంటే ఇరవై నిమిషాలే ఉంచండి. చివర్లో ఒక వెంట్రుకను తడి టిష్యూతో తుడిచి చూస్తే ఎక్కిందో లేదో తెలుస్తుంది. ఎక్కకపోతే కాగితం ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకే ఇంకాస్త ఉంచండి. తర్వాత నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. రెండు మూడు రోజులు షాంపూ పెట్టకండి.

ఒక హెచ్చరిక. ఈ రంగును కనుబొమల మీద ఎప్పుడూ వేయకండి, కళ్లకు ప్రమాదం. రంగు వేశాక ముఖం వాచినా, ఊపిరి అందకపోయినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ఇప్పుడు రెండో దారి. పీపీడీ పడదని తేలిందనుకుందాం. అప్పుడు నలుపైనా బ్రౌనైనా ఇలాంటి రంగు డబ్బాలన్నిటికీ జీవితాంతం దూరంగా ఉండాల్సిందే, "ఈ ఒక్కసారికి" అనేది కుదరదు. మీ అత్తయ్యగారు చెప్పిన గోరింటాకు అప్పుడు నిజంగా అక్కరకొస్తుంది. కానీ ఆవిడ చెప్పినట్టు ఒక్క గోరింటాకుతో సరిపోదు. ఆకు ముద్ద అరచేతిని ఎర్రగా పండించినట్టే తెల్ల వెంట్రుకనూ పండిస్తుంది. నల్ల వెంట్రుక మీద ఆ ఎరుపు దాదాపు కనిపించదు, తెల్లదాని మీద నారింజ రంగులో నిలబడుతుంది. దానిమీద నీలి ఆకు పొడి వేస్తేనే అది ముదురుతుంది. షాపుల్లో ఇండిగో పొడి అని అమ్ముతారు.

మీకు చెరొక యాభై గ్రాములు చాలు. గోరింటాకు పొడిని గోరువెచ్చని టీ డికాక్షన్‌తో పెరుగంత చిక్కగా కలిపి రాత్రంతా మూత పెట్టి ఉంచండి. పొద్దున తెల్ల వెంట్రుకల మీద రాసి రెండు గంటలు ఉంచి, షాంపూ లేకుండా ఉత్త నీళ్లతో కడిగేయండి. వెంట్రుకలు నారింజ రంగులో కనిపిస్తాయి, కంగారు పడొద్దు. ఆ రోజే లేదా మర్నాడు, ఇండిగో పొడిని గోరువెచ్చని నీళ్లతో, చిటికెడు ఉప్పు వేసి కలపండి. దీన్ని రాత్రంతా ఉంచకూడదు. పది పదిహేను నిమిషాలకు పైన నీలం తేలుతుంది, అప్పుడే రాసేయాలి. ఆలస్యం చేస్తే బలం తగ్గిపోతుంది. గంట, గంటన్నర ఉంచి నీళ్లతో కడగండి. మొదటిరోజు కాస్త ఆకుపచ్చగా కనిపించొచ్చు. గాలి తగిలేకొద్దీ రెండు రోజుల్లో ముదురు రంగుకి తిరుగుతుంది, ఆ రెండు రోజులూ షాంపూ వద్దు.

దీనితో ఉన్న ఇబ్బందులు కూడా చెబుతాను. మొదటిసారే బాగా పట్టుకుంటుందని నమ్మకం లేదు. కణతల దగ్గర రెండోసారి వేస్తే గానీ నిలవకపోవచ్చు. అందుకే పెళ్లికి నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి వేసుకోండి. ఇదంతా కలిపి ఒక ఆదివారం పూర్తిగా పోతుంది. బాగా పట్టిన గోరింటాకు సులువుగా వదలదు, కాబట్టి మనసు మారితే పెరిగి పోయేదాకా ఆగాల్సిందే. ఆకుపొడి కూడా అందరికీ పడుతుందనేం లేదు, చెవి వెనక రాసి రెండు రోజులు చూడటం దీనికీ తప్పదు.

కొనేటప్పుడు జాగ్రత్త. స్వచ్ఛమైన గోరింటాకు పొడి ఆకుపచ్చగా ఉండి ఎండుగడ్డి వాసన వస్తుంది, ఎరుపు తప్ప మరో రంగు ఇవ్వదు. "నల్ల మెహందీ", "హెర్బల్", "అరగంటలో నలుపు" అని రాసిన సాచెట్లలో ఆకు పేరు పైకి ఉంటుంది, పని చేసేది చాలాసార్లు పీపీడీ. పడనివాళ్లు మోసపోయేది ఇక్కడే. ఉసిరి పొడి, కాఫీ పొడి కలిపితే నల్లబడుతుందని కూడా అంటుంటారు. వాటితో తెల్ల వెంట్రుక నల్లబడదు.

ఈ రెండు దారులూ వద్దనుకుంటే మూడోది ఉంది, ఏ పరీక్ష ఫలితమైనా చాలామందికి ఇదే సులువు. యాభై వెంట్రుకలకు రంగు వేయకుండా, కావాల్సిన రోజున కప్పుకోవడం. కుదుళ్ల మీద అద్దుకునే పొడి, మస్కారాలాంటి బ్రష్ దొరుకుతాయి. ఇది పైన కూర్చునే రంగు, తలంటుకుంటే పోతుంది. చాలావాటిలో పీపీడీ ఉండదు, అయినా వెనక రాసింది చదివి తీసుకోండి. ఇక్కడా నలుపు వద్దు, ముదురు బ్రౌన్ తీసుకోండి. పాపటలో నల్లపొడి ఫ్లాష్ పడితే తల మీద పెన్సిల్ గీసినట్టు వస్తుంది. చీర కట్టుకోకముందే అద్దుకోండి, పొడి రాలి పట్టు మీద పడితే కష్టం. చెమటకి కారే రకాలూ ఉంటాయి. ముహూర్తానికి ముందే ఒక రోజు ఇంట్లో వేసుకుని, వంటింట్లో పొయ్యి దగ్గర అరగంట నిలబడి చూడండి.

పాపట మార్చడం కూడా చిన్న విషయం కాదు. ఏళ్లుగా ఒకే చోట తీసిన పాపటలో తెల్లవి వరసగా కనిపిస్తాయి. అర అంగుళం పక్కకు జరిపితే, లేదా దువ్వెన తోకతో వంకర టింకరగా తీస్తే సగం మాయమైపోతాయి. కణతల దగ్గరివి వెనక్కి లాగి బిగించకుండా కొంచెం వదులుగా దువ్వితే పైవాటి కింద దాక్కుంటాయి.

పీకడం గురించి ఒక్క మాట. ఒకటి పీకితే పది వస్తాయన్నది నిజం కాదు. పీకిన చోట వచ్చేది ఒక్కటే, అదీ తెల్లదే. అయితే అది పొట్టిగా, నిటారుగా నిలబడి పాపటలో ముందుకంటే ఎక్కువ కనిపిస్తుంది. మళ్లీ మళ్లీ పీకితే కుదురు దెబ్బతిని అక్కడ జుట్టే పల్చబడొచ్చు. మరీ ఎదురుగా కనిపించే నాలుగైదింటిని చిన్న కత్తెరతో కుదుళ్ల దగ్గరికి కత్తిరించండి. 34 ఏళ్లకి తెల్లవి రావడం జబ్బేమీ కాదు, అమ్మానాన్నల వైపు ఎవరికైనా ఈ వయసులో మొదలైందేమో అడగండి. తొందర తొందరగా పెరుగుతూ, నీరసం, జుట్టు రాలడం కూడా ఉంటే థైరాయిడ్, బీ12 చూపించుకోండి.

నన్నడిగితే, పరీక్షలో ఏమీ తేలకపోయినా ఈ పెళ్లి వరకు మూడో దారే ఎంచుకుంటాను. రంగును పెళ్లి హడావుడి లేని నెలలో, తీరిగ్గా, ఒక కణతతో మొదలుపెడతాను. ఫొటోల్లో ఇంకాస్త నిశ్చింత కావాలంటే మొదటి దారి మీకు ఉంది, దానికి వారాల లెక్క పైన ఇచ్చాను. నిర్ణయం మీది.

పెళ్లి గురించి ఇంకొకటి. మెహందీ ఫంక్షన్‌లో చేతులకు పెట్టే కోన్‌లు గంటలో నల్లగా పండితే వాటిలోనూ పీపీడీ కలిసి ఉండొచ్చు. మీ పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆ కోన్ పెట్టించుకోకండి. అత్తయ్యగారిని అడిగి పెరటి గోరింటాకు రుబ్బించుకుని చేతులకు పెట్టుకోండి.

ఆ నల్లరంగు సాచెట్ ఖాళీ కవరు ఇంట్లో ఎక్కడైనా ఉంటే పారేయకండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పట్టుకెళ్లండి. లేకపోతే అదే సాచెట్ ఇంకొకటి కొని, విప్పకుండా తీసుకెళ్లండి.